రౌలట్ నుంచి రంప దాకా: చరిత్ర కార్డులు పిల్లలకు వరుసలో గుర్తుండాలంటే

ప్రశ్న: "పదో తరగతి పిల్లల కోసం 1919 నుంచి 1924 దాకా జాతీయోద్యమ ఘట్టాలతో టైమ్‌లైన్ కారౌసెల్ చేశాను. కార్డుకో సంఘటన, సంఘటనకో పాఠం. మొత్తం పధ్నాలుగు కార్డులయ్యాయి. పిల్లలు చకచకా జరుపుకుంటూ పోతున్నారు గానీ మర్నాడు అడిగితే చౌరీచౌరా ముందా, చీరాల ముందా చెప్పలేకపోతున్నారు. పాఠాలేమో అన్నీ 'ఐక్యతే బలం' లాగే వస్తున్నాయి. ఏం మార్చాలి?"

మేడం, ముందు పాఠాల పని పట్టండి. అవి కుదిరితే వరుస చాలావరకు దానంతటదే కుదురుతుంది. 'ఐక్యతే బలం' రౌలట్ కార్డు కింద పెట్టినా సరిపోతుంది, చీరాల కింద పెట్టినా సరిపోతుంది, ఉప్పు సత్యాగ్రహం కింద పెట్టినా అడిగేవాడు లేడు. అలా ఎక్కడైనా అతికే వాక్యం పిల్లవాడికి ఏ కార్డునూ గుర్తుచేయదు. నేను ఒక్కటే చూస్తాను. ఈ సంఘటన ముందు రోజు దాకా జనం నమ్మినదో, ప్రభుత్వం చేయగలిగినదో ఏదో ఒకటి ఆ తర్వాత మారిపోయి ఉంటుంది. ఏం మారింది? అదే ఆ కార్డు పాఠం. అది సరిగ్గా పట్టుకుంటే తర్వాతి కార్డు ఎందుకొచ్చిందో కూడా అందులోనే కనిపిస్తుంది.

జలియన్‌వాలా బాగ్ కార్డునే తీసుకుందాం. మామూలుగా దాని కింద 'బ్రిటిష్ వారి క్రూరత్వానికి నిదర్శనం' అని రాస్తాం. నిజమే, కానీ అది సంఘటన మీద మన అభిప్రాయం. దాన్నుంచి పిల్లవాడు తర్వాతి మెట్టు ఎక్కలేడు. అసలు ఆ రోజు దేన్ని మార్చింది? బ్రిటిష్ ప్రభుత్వం తప్పు చేసినా చివరికి విచారించి న్యాయం చేస్తుందని నమ్మినవాళ్లు మన నాయకుల్లోనే చాలామంది ఉన్నారు. ఆ నమ్మకం ఇక్కడ బీటలువారింది. ఠాగూర్ ఆ మే నెలాఖరులో వైస్రాయికి ఉత్తరం రాసి 'సర్' బిరుదు వదులుకున్నారు. ఇదంతా కార్డు మీదికి వస్తే ఇలా ఉంటుంది:

"1919 ఏప్రిల్ 13, అమృత్‌సర్. వైశాఖి పండుగ. సభలు నిషేధించారని బాగ్‌లో చాలామందికి తెలియదు. జనరల్ డయ్యర్ హెచ్చరిక లేకుండా పది నిమిషాల పాటు కాల్పులు జరిపించాడు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు.
పాఠం: ప్రభుత్వం న్యాయం చేస్తుందన్న నమ్మకానికి ఇక్కడ పరీక్ష మొదలైంది."

పాఠంలో 'మొదలైంది' అని ఆపడం కావాలని చేసిందే. ఆ పరీక్ష ఎలా ముగిసిందో పిల్లవాడు అడగాలి. జవాబు తర్వాతి కార్డులో దొరకాలి. 1,650 తూటాలు, బావి, ఇరుకు సందు, ఇవన్నీ క్లాసులో నోటితో చెప్పండి. కార్డులో కుక్కితే పాఠం లైను కింద పడి కనబడదు. ఇంకో మాట. డయ్యర్ వేరు, పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ మైకేల్ ఓడ్వయ్యర్ వేరు. ఉధమ్‌సింగ్ 1940లో లండన్‌లో కాల్చింది ఓడ్వయ్యర్‌ని. రెండు పేర్లూ ఒకే కార్డులో పెట్టారా, పరీక్ష పేపర్లో ఉధమ్‌సింగ్ చేత డయ్యర్‌నే చంపిస్తారు మన పిల్లలు.

ఇప్పుడు చాలా టైమ్‌లైన్లలో కనిపించే పెద్ద లోపం దగ్గరికి వద్దాం. జలియన్‌వాలా బాగ్ పక్కనే సహాయ నిరాకరణ కార్డు వస్తుంది. పిల్లలకు రెండూ వారం తేడాలో జరిగినట్టు అనిపిస్తుంది. మధ్యలో ఉన్నది దాదాపు పదిహేడు నెలలు. కలకత్తాలో కాంగ్రెస్ ప్రత్యేక సమావేశం సహాయ నిరాకరణకు ఒప్పుకున్నది 1920 సెప్టెంబరులో, నాగపూర్‌లో ఖరారు చేసింది డిసెంబరులో. అంత దారుణం జరిగాక ఏడాదిన్నర ఎందుకు పట్టింది? నన్నడిగితే ఈ ఘట్టాల్లో పిల్లలకు నేర్పాల్సిన అసలు ప్రశ్న ఇదే. చాలామంది టైమ్‌లైన్లలో దాన్ని తేలిగ్గా దాటేస్తారు, ఎందుకంటే ఆ ఖాళీలో చెప్పుకోదగ్గ తుపాకీ మోత లేదు.

ఆ ఖాళీలో హంటర్ కమిటీ ఉంది. 1919 అక్టోబరులో వేశారు, 1920 మేలో నివేదిక బయటికొచ్చింది. డయ్యర్ చేసింది తప్పని నివేదిక చెప్పింది. అతను అప్పటికే పదవి వదలాల్సి వచ్చింది, కానీ కోర్టులో విచారణ లేదు, శిక్ష లేదు. పైగా జులైలో ఇంగ్లండు ప్రభువుల సభ డయ్యర్‌కు అనుకూలంగా ఓటేసింది. ఒక లండన్ పత్రిక అతని కోసం చందాలు పోగుచేస్తే 26 వేల పౌండ్ల దాకా వచ్చాయి. అదే వేసవిలో టర్కీ మీద మోపిన సంధి షరతులు బయటపడి ఖిలాఫత్ వాళ్ల ఆశలు కూడా పోయాయి. అంటే జనం పదిహేడు నెలలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు, తీర్పు కోసం చూశారు. తీర్పు వచ్చాకే ఉద్యమం వచ్చింది. కాబట్టి మీ పధ్నాలుగులో లేకపోయినా ఈ కార్డు చేర్చండి: "1920 మే, హంటర్ నివేదిక. డయ్యర్ తప్పు చేశాడన్నారు. శిక్ష మాత్రం వేయలేదు. పాఠం: న్యాయం అడిగితే రాదని తేలాక, సహకరించడం మానేయాలన్న ఆలోచనకు బలం వచ్చింది." దీని తర్వాత కలకత్తా కార్డు తెరిస్తే ఏ పిల్లవాడికీ వరుస బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఒకటి చేర్చమన్నాను గనుక కొన్ని తీసేయాలి. పధ్నాలుగు ఎక్కువ. ఇన్‌స్టాగ్రామ్ ఇరవై కార్డుల దాకా పెట్టనిస్తుంది, కానీ ఒక పీరియడ్‌లో పదో తరగతి పిల్లవాడి తలలో నిలిచేవి ఎనిమిదికి మించవని నా అనుభవం. నేనైతే ఇవి ఉంచుతాను: రౌలట్, జలియన్‌వాలా బాగ్, హంటర్ నివేదిక, కలకత్తా తీర్మానం, చీరాల–పేరాల, చౌరీచౌరా–బార్డోలి, చింతపల్లి స్టేషన్ మీద దాడి, అల్లూరి మరణం. ముందు ముఖచిత్రం, చివర పరీక్ష కార్డు కలిపితే పది. బెజవాడలో 1921లో జరిగిన కాంగ్రెస్ కమిటీ సమావేశం, పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా చూపించడం తీసేయాలంటే మనసొప్పదు, నాకూ ఒప్పదు. కానీ జెండాకు విడిగా ఒక కారౌసెల్ చేసేంత కథ ఉంది. ఇక్కడ ఇరికిస్తే ముందు కార్డుకూ తర్వాత కార్డుకూ లంకె తెగిపోతుంది.

రౌలట్ కార్డు గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 1919 మార్చిలో చట్టమైంది, విచారణ లేకుండా రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చు. 'వకీల్ లేదు, దలీల్ లేదు, అప్పీల్ లేదు' అన్న అప్పటి నినాదం ఒక్కటి వేస్తే పిల్లలు మర్చిపోరు. పాఠం కూడా సూటిగానే వస్తుంది: యుద్ధకాలంలో వాడిన అణచివేత అధికారాలు యుద్ధం అయిపోయాక కూడా పోవని తెలిసింది.

చీరాల–పేరాల దగ్గర మాత్రం జాగ్రత్త. మీ పిల్లలు తికమకపడ్డది సరిగ్గా ఇక్కడే కదా. దానికి కారణం వాళ్ల మతిమరుపు కాదు. చౌరీచౌరా ఒక్క రోజు జరిగింది, చీరాల ఉద్యమం నెలల తరబడి సాగింది. రెండింటినీ ఒకే సైజు చుక్కగా చూపిస్తే ఎవరికైనా తికమకే. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచడంతో గొడవ మొదలైంది. అది సహాయ నిరాకరణ కంటే ముందటి తగాదా. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లు ఖాళీ చేసి ఊరి బయట రామ్‌నగర్ వేసుకున్నది 1921 వేసవిలో. పది పదకొండు నెలలు అక్కడే పాకల్లో ఉన్నారు, ఎండా వానా అన్నీ అక్కడే. దుగ్గిరాలను జైల్లో పెట్టాక, డబ్బులు అయిపోయాక తిరిగి ఇళ్లకు చేరారు. మరి ఈ కార్డును ఏ తేదీ దగ్గర పెట్టాలి? పాఠం ఏ క్షణం గురించి చెబుతోందో ఆ క్షణం దగ్గర. మన పాఠం 'ఊరు ఖాళీ చేసి వెళ్లడం కూడా సహాయ నిరాకరణే అని చీరాల చూపించింది' అయితే కార్డు 1921 వేసవిలో కూర్చుంటుంది. మునిసిపాలిటీ పన్ను గురించి పాఠం రాస్తే ఇంకా ముందటి తేదీకి జరపాలి. రెండూ రాయకండి.

నెలల తరబడి సాగిన దాన్ని చూపడానికి ప్రతి కార్డు అడుగున ఒక కాలపట్టీ గీయండి. కార్డు వెడల్పు 1080 పిక్సెళ్లు, ఎత్తు 1350 పెట్టుకుంటాం కదా. రెండు వైపులా 72 చొప్పున వదిలేస్తే 936 మిగులుతుంది. 1919 జనవరి నుంచి 1924 డిసెంబరు దాకా 72 నెలలు. అంటే నెలకు సరిగ్గా 13 పిక్సెళ్లు. ఇక లెక్క తేలిక. పట్టీ ఎడమ కొస నుంచి జలియన్‌వాలా బాగ్ 45 దగ్గర పడుతుంది, కలకత్తా 261 దగ్గర, చౌరీచౌరా 482 దగ్గర, చింతపల్లి దాడి 568 దగ్గర, అల్లూరి మరణం 835 దగ్గర. రౌలట్ చుక్క జలియన్‌వాలా చుక్కను దాదాపు ఆనుకుని ఉంటుంది, ఆ రెంటి మధ్య నెల కూడా లేదు మరి. తర్వాత కలకత్తా దాకా అంత ఖాళీ ఉంటే 'ఇక్కడేం జరగలేదా సార్' అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. చీరాలను చుక్కగా కాక గీతగా గీస్తే, ఆ గీత చివరకొచ్చేసరికి చౌరీచౌరా చుక్క పడుతుంది. 'చీరాల ముందు మొదలైంది, అది ముగింపుకొచ్చే సమయానికి చౌరీచౌరా జరిగింది' అన్నది చూడగానే అర్థమవుతుంది. పట్టీ అన్ని కార్డుల్లోనూ ఒకే చోట, ఒకే కొలతలో ఉండాలి. ఏ కార్డుకాకార్డు పట్టీని సాగదీస్తే ఈ ప్రయోజనమంతా పోతుంది. ఆ కార్డు సంఘటనకు ముదురు రంగు, మిగతావన్నీ లేత బూడిద రంగు.

చౌరీచౌరా తేదీ కొన్ని పుస్తకాల్లో ఫిబ్రవరి 4, కొన్నింట్లో 5. శతాబ్ది ఉత్సవాలు 2021లో ఫిబ్రవరి 4న మొదలుపెట్టారు. పిల్లల చేతిలో ఉన్న పాఠ్యపుస్తకం ఏది చెబితే అది పరీక్షలో రాయమనండి. కార్డు మీద మాత్రం '1922 ఫిబ్రవరి మొదటి వారం' అని వేస్తే పేచీ ఉండదు. బార్డోలిలో ఉద్యమం ఆపాలని తీర్మానించింది 12న. ఈ రెండింటినీ వేర్వేరు కార్డులు చేయకండి, పట్టీ మీద కూడా రెండు చుక్కలూ ఒకటైపోతాయి.

అందులో రాసేటప్పుడు సగం కథ రాయకండి. ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపి కొందరిని చంపారు, జనం తిరగబడి స్టేషన్ తగలబెట్టారు, 22 మంది పోలీసులు చనిపోయారు. రెండు వైపులా రెండు చిన్న వాక్యాల్లో పడతాయి. ఇక పాఠం దగ్గర ఇక్కడ రెండు పోటీకొస్తాయి. ఒకటి, అహింస అన్న షరతు తప్పితే ఉద్యమాన్నే ఆపేస్తానని గాంధీజీ చేసి చూపించారు. రెండోది, ఆ నిర్ణయంతో కాంగ్రెస్‌లోనే విభేదాలు వచ్చాయి. రెండూ నిజమే. ఏది ఉంచాలో తర్వాతి కార్డును బట్టి తేల్చుకోండి. స్వరాజ్య పార్టీ కార్డు పెట్టి ఉంటే రెండోది కావాలి. మనం పెట్టలేదు గనుక మొదటిది చాలు.

ఇక అల్లూరి. అందరూ తప్పులో కాలేసే చోటు ఇది. బార్డోలి ఫిబ్రవరిలో, చింతపల్లి స్టేషన్ మీద దాడి 1922 ఆగస్టు 22న. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. కార్డులు పక్కపక్కన పెట్టగానే 'గాంధీజీ ఉద్యమం ఆపేశారు కాబట్టి అల్లూరి ఆయుధం పట్టాడు' అని పిల్లలు చదివేసుకుంటారు, కొన్నిసార్లు మనమే అలా చెప్పేస్తాం. గూడెం కొండల్లో నిప్పు అంతకు చాలా ముందునుంచే ఉంది. అటవీ చట్టాలతో పోడుకు అడ్డుపడ్డారు, అడవిలో పశువుల్ని మేపనివ్వలేదు, కట్టెలు తెచ్చుకోనివ్వలేదు. ఘాట్ రోడ్డు పనికి గిరిజనులను బలవంతంగా లాక్కెళ్లి కూలి సరిగ్గా ఇవ్వలేదు. అల్లూరి మొదట్లో గాంధీజీని మెచ్చుకుంటూ ఖద్దరు కట్టమని, కల్లు మానమని చెప్పినవాడే, కానీ బలప్రయోగం లేకుండా స్వాతంత్ర్యం రాదనేవాడు. కాబట్టి ఈ కార్డు ముందుదానికి తర్వాతది, కానీ ముందుదాని వల్ల వచ్చింది కాదు. ఇది పిల్లలకు కనబడాలి.

దానికి నేను చేసేది చిన్న పని. ముందు కార్డు కారణమైతే రెండింటి మధ్య బాణం గుర్తు వేస్తాను. కేవలం తర్వాత జరిగిందైతే చుక్కల గీత. రౌలట్ నుంచి జలియన్‌వాలాకు బాణం, అక్కడి నుంచి హంటర్‌కు, హంటర్ నుంచి కలకత్తాకు బాణాలే. చౌరీచౌరా నుంచి చింతపల్లికి చుక్కల గీత. చింతపల్లి కార్డు పాఠం: "అడవి మీద హక్కు పోవడమే ఇక్కడ తిరుగుబాటుకు మూలం. దేశంలో అందరి పోరాటానికీ ఒకే కారణం లేదు."

సంఘటనల్లో చివరి కార్డు 1924 మే 7, అల్లూరిని పట్టుకుని కాల్చి చంపిన రోజు. 'వీరమరణం' అని రాసి వదిలేయకుండా, ఆ రెండేళ్లలో ఏం తెలిసిందో రాయండి: మామూలు పోలీసులు సరిపోక మలబార్ స్పెషల్ పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దింపాల్సి వచ్చింది. కొండదారులు తెలిసిన జనం అండ ఉంటే కొద్దిమందిని పట్టడానికి కూడా ఎంత బలగం కావాలో అప్పుడు తెలిసింది. ఈ కార్డు పట్టీ మీద ఇంకో సన్న గీత గీయండి, 1922 మార్చి నుంచి 1924 ఫిబ్రవరి దాకా. అది గాంధీజీ జైల్లో ఉన్న కాలం. రంప తిరుగుబాటు దాదాపు అంతా ఆ గీత కిందే ఉంటుంది. గాంధీజీ, అల్లూరి ఒకే కాలం వాళ్లని అప్పటిదాకా అనుకోని పిల్లలు ఉంటారు.

అక్షరాల సంగతి. 1080 వెడల్పు కార్డు ఫోన్లో ఏడు సెంటీమీటర్లే కనిపిస్తుంది. 40 పిక్సెళ్ల అక్షరం అక్కడ రెండున్నర మిల్లీమీటర్లు. అంతకంటే చిన్నది పెట్టొద్దు. దానికి సరిపడేలా రాస్తే కార్డుకు ముప్ఫై, ముప్ఫైఐదు మాటలు పడతాయి. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి గనుక లైన్ల మధ్య ఎడం 1.5 ఉంచండి, లేకపోతే పై లైను వత్తు కింది లైను గుడిని తాకుతుంది. ఫాంటు కొత్తదైతే ముందు 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం', 'సత్యాగ్రహం' టైపు చేసి చూడండి. వత్తులు విడిపోయి పక్కన నిలబడితే ఆ ఫాంటు గానీ, ఆ యాప్ గానీ పనికిరాదు. Mandali, Noto Sans Telugu సాధారణంగా ఇబ్బంది పెట్టవు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో టైపు చేయించిన మ్యాటరును నేరుగా తెచ్చి అతికిస్తే మాత్రం గజిబిజి అక్షరాలొస్తాయి, యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

పదో కార్డు పరీక్షకు వదలండి. ఎనిమిది పాఠం వాక్యాలను తేదీలు, ఊర్ల పేర్లు తీసేసి, కలగాపులగంగా వేసి, వరుసలో పెట్టమనండి. ముందు మీరే స్టాఫ్‌రూమ్‌లో సోషల్ కాని టీచరెవరికైనా ఇచ్చి చూడండి. వాళ్లు ఏ రెండు వాక్యాలను తారుమారు చేశారో, ఆ రెండు కార్డుల పాఠాలు మళ్లీ రాయాలన్నమాట. రౌలట్, హంటర్ వాక్యాలు ఎక్కువగా తారుమారవుతాయి, రెండూ ప్రభుత్వం గురించే కాబట్టి. అప్పుడు రౌలట్ వాక్యంలో 'యుద్ధం అయిపోయాక' అన్న ముక్క తప్పకుండా ఉందో లేదో చూసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది 1918 నవంబరులో అని పిల్లలకు తెలుసు గనుక ఆ ముక్క పట్టుకుని దాన్ని మొదట్లో పెడతారు.

క్లాసు వాట్సాప్ గ్రూపులో పంపేటప్పుడు ఫైళ్ల పేర్లు 1, 2, 3 అని కాకుండా 01, 02, 03 అని పెట్టండి. లేకపోతే కొన్ని ఫోన్లలో ఒకటి పక్కన పది వచ్చి కూర్చుని, ముఖచిత్రం తర్వాత నేరుగా పరీక్ష కార్డు కనిపిస్తుంది. ఫొటోలుగా పంపితే అక్షరాలు కూడా మసకబారతాయి. పది కార్డులూ ఒకే పీడీఎఫ్ చేసి డాక్యుమెంటుగా పంపడం మేలు. జవాబుల వరుస మాత్రం అందులో పెట్టకండి, మర్నాడు క్లాసులో బోర్డు మీద రాయండి.